లిల్లీ పేరు లక్ష్మి అయితే సరిపోతుందా?

ఇంగ్లిషులో తయారైన మూడో తరగతి గణితం వర్క్‌షీట్లలో ఒక రకం లెక్క తరచుగా కనిపిస్తుంది. లిల్లీ అనే అమ్మాయి దగ్గర 12 కప్‌కేకులు ఉంటాయి. అవి టామ్ దగ్గర ఉన్నవాటికన్నా 5 ఎక్కువ. మరి టామ్ దగ్గర ఎన్ని ఉన్నాయన్నది ప్రశ్న. మాటకు మాట తెలుగు చేస్తే అది ఇలా తయారవుతుంది: "లిల్లీ 12 కప్‌కేకులను కలిగి ఉంది. ఆమె టామ్ కంటే 5 ఎక్కువ కలిగి ఉంది. టామ్ ఎన్ని కప్‌కేకులను కలిగి ఉన్నాడు?" తెలుగు పిల్లలెవరూ ఇంట్లో గానీ వీధిలో గానీ "కలిగి ఉంది" అనే మాట వినరు. "నా దగ్గర రెండు పెన్సిళ్లున్నాయి" అంటారు తప్ప "నేను రెండు పెన్సిళ్లను కలిగి ఉన్నాను" అనరు.

కాస్త శ్రద్ధ ఉన్నవాళ్లు దీన్ని మారుస్తారు. లిల్లీ లక్ష్మి అవుతుంది, టామ్ రాజు అవుతాడు, కప్‌కేకులు జామకాయలవుతాయి. "లక్ష్మి 12 జామకాయలు కోసింది. రాజు కన్నా 5 ఎక్కువ కోసింది. రాజు ఎన్ని కోశాడు?" మన పేర్లు, మన చెట్టు, మన వాడుక భాష. స్థానికీకరణ పేరుతో జరిగే పని చాలావరకు ఇక్కడితో ఆగిపోతుంది. తరగతిలో మాత్రం పిల్లలు 17 అని రాస్తూనే ఉంటారు. సరైన జవాబు 7. ఆ కాగితం దిద్దిన టీచరు "తీసివేతలు రావు" అని పక్కన గుర్తు పెట్టుకుంటారు. 2021లో మొదలైన నిపుణ్ భారత్ కార్యక్రమం తర్వాత మూడో తరగతి ముగిసేసరికి పిల్లలకు చదవడం, లెక్కలు వచ్చి తీరాలన్న పట్టుదల బడుల్లో పెరిగింది. ఏ పిల్లకు ఏది వచ్చో, ఏది రాదో ఇలాంటి కాగితాలను బట్టే తేలుస్తున్నారు. కాబట్టి ఆ 17 ఎక్కడినుంచి వచ్చిందన్నది చిన్న ప్రశ్నేమీ కాదు.

దానికి కారణాలు కనీసం రెండున్నాయి. అవి ఒకదానికొకటి సంబంధం లేనివి.

మొదటిది గణితానికి చెందినది. కూడిక, తీసివేతల పదసమస్యలను మేరీ రైలీ, జేమ్స్ గ్రీనో, జోన్ హెల్లర్ 1983లో మూడు రకాలుగా వర్గీకరించారు. ఉన్నదానికి ఏదో చేరడమో పోవడమో జరిగేది ఒకటి. రెండు భాగాలు కలిసి మొత్తం అయ్యేది ఇంకొకటి. ఇద్దరి దగ్గర ఉన్నవాటిని పోల్చేది మూడోది. అంకెలు అవే అయినా ఈ మూడోది పిల్లలకు కష్టంగా ఉంటుంది. అందులోనూ లక్ష్మి లెక్క మరీ మెలికపడినది. వాక్యంలో "ఎక్కువ" అనే మాట ఉంటుంది, చేయాల్సిందేమో తీసివేత. "లక్ష్మికి ఎక్కువ ఉన్నాయంటే రాజుకు తక్కువ ఉన్నట్టు" అని బుర్రలో ఒకసారి తిప్పుకోవాలి. 1987లో అన్ లూయిస్, రిచర్డ్ మేయర్ ఈ రకం లెక్కలను కాలేజీ విద్యార్థులకు ఇచ్చి చూస్తే, వాళ్లు కూడా మాట ఒకవైపు, లెక్క మరోవైపు లాగే వాక్యాల దగ్గరే ఎక్కువగా తప్పారు. ఎనిమిదేళ్ల పిల్ల తడబడటంలో వింత లేదు. ఈ కష్టం లెక్కదే. దాన్ని ఎదుర్కోవడం నేర్పడానికే ఆ వర్క్‌షీటు ఉంది.

రెండో కారణం తెలుగు వాక్యంలోనే ఉంది. "రాజు కన్నా 5 ఎక్కువ కోసింది" అన్న రెండో వాక్యంలో కర్త లేదు. తెలుగులో కర్త లేకుండా మాట్లాడటం సహజమే. కానీ "12 కోసింది" అన్న వెంటనే "5 ఎక్కువ కోసింది" అని వినబడితే, లక్ష్మి ముందు 12, ఆ తర్వాత మరో 5 కోసిందని పిల్లలు అనుకునే అవకాశం ఉంది. అలా అనుకుని 17 రాసిన పిల్ల కూడిక సరిగ్గానే చేసింది, తన చెవిన పడ్డ కథకు సరైన జవాబే రాసింది. ఈ కష్టం వర్క్‌షీటు రాసినవాళ్లు తెచ్చిపెట్టినది. "లక్ష్మి 12 జామకాయలు కోసింది. రాజు కోసినవాటికన్నా ఇవి 5 ఎక్కువ" అని రాస్తే అది పోతుంది. మెలిక మాత్రం అలాగే ఉంటుంది.

వర్క్‌షీటును తెలుగులోకి తేవడంలో అసలు పని ఇదే. ప్రతి లెక్కలోనూ ఏ కష్టం గణితానిది, ఏది భాషది అని విడదీయాలి. మొదటిదాన్ని ముట్టుకోకుండా రెండోదాన్ని తీసేయాలి. రెండు వైపులా పొరపాటు జరుగుతుంది. పిల్లలమీద జాలితో "లక్ష్మి దగ్గర 12 ఉన్నాయి. రాజు దగ్గర 5 తక్కువ ఉన్నాయి. రాజు దగ్గర ఎన్ని?" అని సులువు చేసేవాళ్లూ ఉన్నారు. వాక్యం చక్కగానే ఉంది, జవాబు కూడా 7 వస్తుంది. కానీ "తక్కువ" అనే మాట చూసి తీసేస్తే చాలు, ఆలోచించాల్సిన పని లేదు. ఆ కాగితం మీద పిల్లలకు మంచి మార్కులు వస్తాయి, నేర్చుకోవాల్సింది మాత్రం అలాగే మిగిలిపోతుంది.

ఇంతకీ ఈ విషయంలో ఇంగ్లిషుకన్నా తెలుగే మెరుగు. ఇంగ్లిషులో "ఫైవ్ మోర్" అంటే ఇంకో అయిదు అనీ కావచ్చు, అయిదు ఎక్కువ అనీ కావచ్చు. రెండింటికీ ఒకటే మాట. తెలుగులో వచ్చి చేరేదాన్ని "ఇంకో 5" లేదా "మరో 5" అంటారు, పోల్చి చెప్పేదాన్ని "5 ఎక్కువ" అంటారు. ఏ రకం లెక్కో భాషే చెప్పేస్తోంది. అనువాదంలో ఆ రెండూ "ఎక్కువ"గా మారిపోయి, ఉన్న సౌకర్యం కాస్తా పోతుంటుంది. "రవికి వాళ్ల అత్తయ్య 5 ఎక్కువ గోళీలు ఇచ్చింది" లాంటి వాక్యాలు అలా పుట్టినవే. ఎవరికన్నా ఎక్కువ? చదివిన పిల్లకు అర్థం కాదు, రాసినవాళ్లు ఆలోచించి ఉండరు.

మాటల ఎంపిక జవాబును ఎంతగా మారుస్తుందో టామ్ హడ్సన్ 1983లో ప్రచురించిన ప్రయోగం చూపిస్తుంది. కొన్ని పక్షులు, వాటికన్నా తక్కువ పురుగులు ఉన్న బొమ్మను చిన్నపిల్లలకు చూపించారు. "పురుగులకన్నా పక్షులు ఎన్ని ఎక్కువ?" అని అడిగితే ఒకటో తరగతి పిల్లల్లో 64 శాతం మంది, అంతకన్నా చిన్నవాళ్లయిన కిండర్‌గార్టెన్ పిల్లల్లో 25 శాతం మంది సరిగా చెప్పారు. అదే బొమ్మ పెట్టి, "పక్షులన్నీ ఎగిరివెళ్లి తలా ఒక పురుగును పట్టుకోవాలని చూస్తే, ఎన్ని పక్షులకు పురుగు దొరకదు?" అని అడిగారు. ఒకటో తరగతి పిల్లలందరూ, కిండర్‌గార్టెన్‌లో 96 శాతం మంది సరిగ్గా చెప్పేశారు. బొమ్మ, అంకెలు, తీసివేత అన్నీ అవే. మారింది ప్రశ్న ఒక్కటే.

ఈ రెండో ప్రశ్నకు తెలుగు బడిలో జంట వెతకడానికి దూరం వెళ్లనక్కర్లేదు. మధ్యాహ్న భోజనం వరసలో 8 మంది పిల్లలున్నారు, గిన్నెలో 5 గుడ్లున్నాయి. "ఎంతమందికి గుడ్డు అందదు?" అంటే ఒకటో తరగతి పిల్లలు వేళ్లమీద జత కలుపుకుని ముగ్గురికి అని చెప్పగలరు. అక్కడే ఆపేస్తే మాత్రం సగం పనే అయినట్టు. పక్కనే "పిల్లలకన్నా గుడ్లు ఎన్ని తక్కువ?" అనే ప్రశ్న కూడా ఉండాలి. మొదటి ప్రశ్నకు జవాబు తెలిసిన పిల్ల రెండోదీ అదేనని గుర్తించిన క్షణంలో "ఎన్ని తక్కువ" అనే మాటకు అర్థం దొరుకుతుంది. బడిలో రోజూ జరిగే సంగతి ఇక్కడ మాటకు మెట్టుగా పనికొచ్చింది. వర్క్‌షీట్లలో పరిచిత సందర్భాలను ఇలా వాడటం అరుదు. ఎక్కువగా అవి అలంకారంగానే ఉండిపోతాయి.

కూడిక తీసివేతల కన్నా భాగహారం దగ్గర ఇంకా కనిపించని పొరపాటు ఒకటి జరుగుతుంది. ఒక్కో పెట్టెలో 4 కప్‌కేకుల చొప్పున 24 కప్‌కేకులు సర్దాలంటే ఎన్ని పెట్టెలు కావాలి అని మూలంలో ఉందనుకోండి. పల్లెటూరి పిల్లలకు కేకుల పెట్టెలెందుకని అనుసరణ చేసేవాళ్లు దాన్ని ఇలా మారుస్తారు: "24 ఇడ్లీలను నలుగురికి సమానంగా పంచితే తలా ఎన్ని వస్తాయి?" అక్కడ 24 ÷ 4, ఇక్కడా 24 ÷ 4. రెండుచోట్లా జవాబు 6. చివరి పేజీలోని జవాబులతో పోల్చి చూసినవాళ్లకు తప్పేమీ కనబడదు.

కానీ ఇవి రెండు వేరువేరు లెక్కలు. ఒకదాంట్లో గుంపు ఎంతో తెలుసు, గుంపులెన్నో తెలియదు. పిల్ల నాలుగేసి తీసి పక్కన పెడుతూ పోతుంది, ఎన్నిసార్లు తీసిందో లెక్కపెడుతుంది. రెండోదాంట్లో గుంపులెన్నో తెలుసు, గుంపు ఎంతో తెలియదు. నాలుగు పళ్లేలు పెట్టుకుని ఒక్కో ఇడ్లీ వేస్తూ చుట్టూ తిరుగుతుంది. ఆ పాఠం భాగహారాన్ని పదేపదే తీసివేయడంగా పరిచయం చేసేదైతే, పై పేజీలో 24 − 4 − 4 − 4 అని గీసి చూపించి, కింద నలుగురికి పంచే లెక్క ఇస్తే పిల్లలకు లంకె దొరకదు. సరైన అనుసరణ ఇలా ఉండాలి: "24 ఇడ్లీలున్నాయి. ఒక్కొక్కరికి నాలుగేసి పెడితే ఎంతమందికి సరిపోతాయి?" తెలుగులో "నాలుగేసి", "తలా", "చొప్పున" అనే మాటలు ఈ తేడాను చక్కగా మోస్తాయి. "ప్రతి ఒక్కరికి" అని రాసుకుంటూ పోయే అనువాదంలో ఇవి కనబడకుండా పోవడం నష్టమే.

మనుషులను లెక్కపెట్టడం దగ్గర తెలుగుకు ఇంకో పద్ధతి ఉంది. మూడు మేకలు అంటాం గానీ మూడు పిల్లలు అనం, ముగ్గురు పిల్లలు అంటాం. నలుగురు, ఐదుగురు, ఆరుగురు, ఏడుగురు, ఆ తర్వాత ఎనిమిది మంది. వర్క్‌షీటులో "3 పిల్లలు" అని అంకె వేస్తే చదివే పిల్ల "మూడు పిల్లలు" అని పలుకుతుంది. అది తన భాష కాదని ఆమెకు తెలుసు, అచ్చులో ఉంది కాబట్టి అలాగే చదువుతుంది. ఒకటో తరగతి కాగితంలో "ముగ్గురు" అని రాసి పక్కన ముగ్గురి బొమ్మ వేయడం మంచిది. పై తరగతుల్లో ఆ అవసరం కూడా ఉండదు.

సందర్భం మారితే జవాబే మారిపోయే లెక్కలు కూడా ఉన్నాయి. అమెరికాలో 1983లో జరిగిన జాతీయ మదింపులో 13 ఏళ్ల పిల్లలకు ఇచ్చిన ఒక ప్రశ్న గణిత బోధన రంగంలో బాగా ప్రసిద్ధం. 1128 మంది సైనికులను బస్సుల్లో తీసుకెళ్లాలి. ఒక్కో బస్సులో 36 మంది పడతారు. ఎన్ని బస్సులు కావాలి? భాగిస్తే 31 వస్తుంది, 12 మిగులుతుంది. ఆ 12 మందికి కూడా బస్సు కావాలి కాబట్టి జవాబు 32. పరీక్ష రాసినవాళ్లలో 29 శాతం మంది "31, శేషం 12" అని రాశారు. భాగహారం వచ్చింది, బస్సు సంగతి మరిచిపోయారు.

దీన్ని మన బడికి తెద్దామని ఎవరైనా ఇలా రాస్తారనుకోండి: "బడిలో 94 మంది పిల్లలకు తలా ఒక గుడ్డు ఇవ్వాలి. ట్రేకు 30 గుడ్లుంటాయి. ఎన్ని ట్రేలు కావాలి?" సందర్భం అచ్చంగా మనదే. భాగిస్తే 3, శేషం 4. మూలంలోని తర్కం ప్రకారం జవాబుల పేజీలో 4 అని వేస్తారు. కానీ గుడ్లు తెచ్చే పని చూసిన పిల్ల "మూడు ట్రేలు, విడిగా నాలుగు గుడ్లు" అంటుంది. దుకాణంలో గుడ్లు విడిగా కూడా అమ్ముతారు, నాలుగు గుడ్లకోసం నాలుగో ట్రే ఎవరూ కొనరు. బస్సును ముక్కలు చేసి అద్దెకు తీసుకోలేరు, ట్రేలోంచి నాలుగు గుడ్లు తీసుకోగలరు. బస్సు దగ్గర తప్పైన "31, శేషం 12" లాంటి రూపమే గుడ్ల దగ్గర ఒప్పవుతోంది. సందర్భాన్ని మార్చినవాళ్లు జవాబును కూడా ఆ సందర్భంలోకి వెళ్లి మళ్లీ చేసుకోవాలి. లేకపోతే లోకం తెలిసిన పిల్లకు తప్పు పడుతుంది, తెలియని పిల్లకు ఒప్పు పడుతుంది. షేర్ ఆటోల మీద రాసే లెక్కలకూ ఇదే గతి. "ఆటోకు ఆరుగురు" అని కాగితం అంటే, "ఇంకో ఇద్దరు సర్దుకుంటారు టీచర్" అని పిల్లలు నిజమే చెబుతారు.

పరిచిత సందర్భం ఉంటే పిల్లలకు లెక్క దానంతటదే వచ్చేస్తుందన్న నమ్మకం చాలామందిలో ఉంది. 2025 ఫిబ్రవరిలో నేచర్ పత్రికలో వచ్చిన ఒక భారతీయ అధ్యయనం ఆ నమ్మకాన్ని కదిలిస్తుంది. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, ఎలిజబెత్ స్పెల్కీ తదితరుల బృందం కోల్‌కతా, ఢిల్లీ మార్కెట్లలో సరుకులమ్మే పిల్లలను పరిశీలించింది. కొనుగోలుదారుల్లా వెళ్లిన పరిశోధకులు మామూలుగా ఎవరూ అడగని తూకాల్లో సరుకులు కొన్నారు. పిల్లల్లో ఎక్కువమంది మొత్తం ఎంతో, తిరిగి ఇవ్వాల్సిన చిల్లర ఎంతో బుర్రలోనే సరిగ్గా తేల్చారు. అదే పిల్లలు బడిలో ఇచ్చే తరహా తీసివేత, భాగహారాల దగ్గర తడబడ్డారు. మార్కెట్లో పనిచేయని బడిపిల్లలది తలకిందులు వ్యవహారం. కాగితం మీది లెక్కల్లో వాళ్లు మెరుగు, మార్కెట్ లెక్కల్లో వెనుకబాటు. ఒకచోట వచ్చిన నైపుణ్యం రెండోచోటికి నడిచిరాలేదు.

అంటే కాగితంమీద టమాటాల పేరెత్తినంత మాత్రాన రైతుబజారు లెక్క తరగతిలోకి రాదు. బజారులో లెక్కచేసే పద్ధతిని కూడా తేవాలి. కిలో 40 రూపాయల టమాటాలు 750 గ్రాములు కొంటే ఎంత? అయిదో తరగతి పుస్తకం పద్ధతిలో 40ని 750తో గుణించి 1000తో భాగించాలి. బండిమీద కూరగాయలమ్మే ఆవిడ అలా చేయదు. ముప్పావు కిలో అంటే అరకిలో, పావుకిలో. అరకిలో 20, పావుకిలో 10, మొత్తం 30. ఇందులో పావు, అర, ముప్పావు అనే భిన్నాలున్నాయి, విభాగ న్యాయం ఉంది. పుస్తకంలో మాత్రం "నాల్గవ వంతు" అనే మాట పరాయిగా నిలబడి ఉంటుంది, పావుకిలోతో దానికి చుట్టరికం ఉందని ఎవరూ చెప్పరు. మంచి వర్క్‌షీటు ముందు "అమ్మే ఆవిడ ఎలా చెబుతుంది?" అని అడిగి, అరకిలోకి ఎంత, పావుకి ఎంత అని రెండు గళ్లు ఇస్తుంది. దాని కిందే పుస్తకం పద్ధతిలో చేయించి, రెండుచోట్లా 30 ఎందుకొచ్చిందో చెప్పమంటుంది. ఆ చివరి ప్రశ్న లేకపోతే రెండు పద్ధతులూ రెండు ఊళ్లలోనే ఉండిపోతాయి.

సందర్భం నిజంగా పరిచితమేనా అన్నది కూడా చూసుకోవాలి. "పెన్సిల్ ధర 75 పైసలు" అని ఇప్పటికీ రాసేవాళ్లున్నారు. 25 పైసలు, అంతకన్నా చిన్న నాణేలు 2011 జూన్ 30 నుంచి చెలామణిలో లేవు. నేటి పిల్లలకు పైసలు కప్‌కేకులంత పరాయి. గిద్దె, సోల, తవ్వ అనే కొలతలు కూడా అంతే. అవి రాసేవాళ్ల బాల్యంలోవి, పిల్లల రోజుల్లోవి కావు. మూర సంగతి వేరు. బస్టాండు దగ్గర మల్లెపూలు ఇంకా మూరల్లోనే అమ్ముతున్నారు. "మూర 30 రూపాయలైతే మూడు మూరలెంత?" అంటే మంచి లెక్కే. అదే మూరను పొడవుల పాఠంలోకి తెస్తే ఇంకా రుచికరమైన ప్రశ్న పుడుతుంది: పొట్టిచేతులావిడ దగ్గర కొంటే లాభమా, పొడుగుచేతులావిడ దగ్గరా?

ధరలు మరో చిక్కు. టమాటా కిలో 40 అని అచ్చువేస్తే, కాగితం బడికి చేరేసరికి అది 15 కావచ్చు, 2023 వేసవి తర్వాత జరిగినట్టు వంద దాటిపోనూవచ్చు. "ఈరోజు ధర ____" అని ఖాళీ వదిలితే జీవం ఉంటుంది. కానీ పిల్లలు తలో ధర వేసుకొస్తే నలభై కాగితాలకు నలభై జవాబులు దిద్దాల్సిన టీచరు ఆ వర్క్‌షీటును మళ్లీ ముట్టుకోరు. తరగతి మొత్తానికి ఒకే ధరను నల్లబల్లమీద రాయించి అందరిచేతా దానితోనే చేయించడం మధ్యేమార్గం. వస్తువుల పేర్లకూ ఇలాంటి వెసులుబాటు అవసరం. కోస్తాలో బంగాళాదుంప తెలంగాణలో ఆలుగడ్డ, రాయలసీమలో ఉర్లగడ్డ. ఈ పేరు మార్చుకోవచ్చని టీచరుకు చెప్పే గుర్తు ఒకటి పక్కన ఉంటే చాలు. అంకెలను, వాక్యం కట్టుబడిని మాత్రం మార్చకూడదని కూడా అక్కడే చెప్పాలి.

ఇంతా చేశాక తయారైన వర్క్‌షీటు బాగుందో లేదో గదిలో కూర్చుని తేల్చడం కుదరదు. దానికి పాత పద్ధతి ఒకటుంది. ఆస్ట్రేలియాకు చెందిన అన్ న్యూమన్ 1977లో ప్రతిపాదించిన వరస అది. పదసమస్య తప్పు చేసిన పిల్లను కూర్చోబెట్టి, చదవమంటారు. ఏం అడుగుతున్నారో చెప్పమంటారు. ఏం చేస్తే తెలుస్తుందో అడుగుతారు. చేసి చూపించమంటారు. చివరికి జవాబు రాయమంటారు. ఈ అయిదింట్లో బండి ఎక్కడ ఆగిందో చూస్తారు. మొదటి రెండింట్లో ఆగితే కాగితానిది తప్పు కావచ్చు. ఆ తర్వాత ఆగితే నేర్పాల్సిన గణితం అక్కడుంది.

లక్ష్మి లెక్కనే తీసుకుంటే, అంకెలన్నీ మూసేసి కథ చెప్పమని అడగడం ఇంకా తేలిక. "ఏం జరిగిందో చెప్పమ్మా" అన్నప్పుడు "లక్ష్మి జామకాయలు కోసింది టీచర్, మళ్లీ ఇంకొన్ని కోసింది" అని పిల్ల చెబితే వాక్యం చెడిందని అర్థం. "లక్ష్మి కోసింది, రాజు కూడా కోశాడు, లక్ష్మికి ఎక్కువొచ్చాయి" అని చెప్పి కూడా 17 రాస్తే వాక్యం బాగుంది, పిల్లకు పోలిక నేర్పాలి. ఇద్దరి కాగితాల మీదా ఉన్నది 17 ఒక్కటే. అయిదారుగురు పిల్లలతో అరగంట కూర్చుంటే ఈ తేడా బయటపడుతుంది. వర్క్‌షీట్లు అచ్చుకు పంపేముందు ఈ అరగంట ఎక్కడా కేటాయించకపోవడమే విచిత్రం. బొమ్మలకు, రంగులకు, అట్టకు సమయం దొరుకుతుంది.

తెలుగు చేయడంతోనే అందరికీ మాతృభాషలో లెక్క అందినట్టు కూడా కాదు. శ్రీకాకుళం, పార్వతీపురం కొండల్లో సవర మాట్లాడే పిల్లలకు, గోదావరి పక్క అడవుల్లో కోయ మాట్లాడే పిల్లలకు తెలుగు కూడా బడిభాషే. "నాలుగేసి", "ముగ్గురు" అని ముచ్చటగా రాసిన వాక్యం వాళ్లకు "కలిగి ఉంది" అన్నంత కొత్తగా ఉండవచ్చు. అక్కడ ఆ భాష తెలిసిన టీచరు కథను ముందు నోటితో చెప్పి, కాగితం తర్వాత ఇవ్వడం తప్ప దగ్గరి దారి లేదు.

ఆంధ్రప్రదేశ్‌లో పాఠ్యపుస్తకాలు కొన్నేళ్లుగా ఎదురెదురు పేజీల్లో ఇంగ్లిషు, తెలుగు వచ్చేలా అచ్చవుతున్నాయి. వర్క్‌షీట్లూ ఆ బాటలోనే నడుస్తున్నాయి. ఈ పద్ధతిలో రెండు పేజీలూ వాక్యానికి వాక్యం సరిపోవాలన్న ఒత్తిడి ఉంటుంది, ఆ ఒత్తిడికి ఎప్పుడూ తలొగ్గేది తెలుగు పేజీయే. లెక్కను ముందు తెలుగులో కట్టి, ఇంగ్లిషు పేజీని దానికి సరిపెట్టడం కష్టమైన పనేమీ కాదు. లక్ష్మి, రాజుల జామకాయల లెక్కను ఇంగ్లిషులో రాయాలంటే "గువా" అనే ఒక్క మాట తెలిస్తే చాలు.